పోయిందేమిటో పేరు పెట్టి చెప్పండి

ఆరోగ్య బీమా సంస్థల అధిపతులకు, వారి తరఫున క్లెయిములు చూసే టీపీఏల నిర్వాహకులకు రాయ్‌పూర్ నుంచి ఒక పాలసీదారు రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,



మా కాగితాలు మీ దగ్గరున్నాయి. పాలసీ తీసుకున్నరోజు ఆధార్, పాన్, బ్యాంకు చెక్కు ఇచ్చాం. ఒంట్లో బాగాలేనప్పుడు రక్తపరీక్ష రిపోర్టులు, స్కాన్లు, డిశ్చార్జి సమ్మరీ, ఆసుపత్రి బిల్లులు ఇచ్చాం. అడిగినవన్నీ ఇవ్వకపోతే క్లెయిము ఆగిపోతుందని మీరే చెప్పారు, మేం మారుమాట్లాడకుండా ఇచ్చాం. ఒక్క సంతకం తక్కువైతే పదేపదే ఫోన్ చేయించే మీరు, ఆ కాగితాల కట్ట మొత్తం ఏ దొంగ చేతిలోనో పడ్డప్పుడు మాకు ఫోన్ చెయ్యడానికి ఎందుకు వెనకాడతారు?

ఈ లేఖ ఇప్పుడు రాయడానికి కారణం మీకు దొరికిన గడువు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సమాచారం లీకైతే ఆ సంగతి ఎవరి వివరాలు పోయాయో వారికి ఆలస్యం చెయ్యకుండా చెప్పాలన్నది అందులో ఏడో నిబంధన. కాని అది అమల్లోకి వచ్చేది 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో. సర్కారు ఈ వ్యవధి ఇచ్చింది మీరు యంత్రాంగాన్ని సిద్ధం చేసుకోవడానికి. అప్పటిదాకా మాకు చెప్పనక్కర్లేదని మీరు అర్థం చేసుకుంటే దాన్ని మేం ఒప్పుకోం. గడువు మీకుంది. దొంగకు లేదుగా?

స్టార్ హెల్త్ ఉదంతం మీకు నేను గుర్తుచెయ్యనక్కర్లేదు, మీ రంగంలోదే. అయినా వరుసగా చెబుతాను, ఎందుకంటే లోపం ఆ వరుసలోనే ఉంది. 2024 ఆగస్టు 13న గుర్తుతెలియని వ్యక్తి ఒకడు ఆ సంస్థను సంప్రదించి, మీ డేటా కొంత నా దగ్గరుందన్నాడు. సంస్థ ఆ సంగతిని తమిళనాడు సైబర్ క్రైమ్ విభాగానికి, కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పింది. అంతవరకు సబబే. సెప్టెంబరు 20న రాయిటర్స్ వార్త వచ్చింది. టెలిగ్రామ్‌లో చాట్‌బాట్లు పెట్టి ఆ సంస్థ ఖాతాదారుల కాగితాలను అడిగినవాడికల్లా పంచుతున్నారని, వాటి నుంచి తాము కూడా ఫైళ్లు దించుకున్నామని ఆ వార్తాసంస్థ రాసింది. పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు, పన్ను వివరాలు, గుర్తింపు కార్డుల నకళ్లు, పరీక్షా ఫలితాలు, రోగ నిర్ధారణలు అందులో ఉన్నాయి. కేరళలో ఒక తండ్రి ఏడాది వయసున్న తన కూతురికి చేయించిన వైద్యం కాగితాలు, రక్తపరీక్ష ఫలితాలు, సుమారు 15 వేల రూపాయల బిల్లు కూడా వాటిలో బయటపడ్డాయి. విలేఖరులు సంప్రదించేదాకా ఆ కాగితాల తాలూకు మనుషులకు ఏమీ తెలియదు. సంస్థ తమకేమీ చెప్పలేదని వారు అన్నారు.

ఆరోజు సంస్థ ఇచ్చిన ప్రకటన సారాంశమేమిటి? తొలి పరిశీలనలో విస్తృతమైన నష్టమేదీ కనబడలేదు, ఖాతాదారుల సున్నితమైన సమాచారం భద్రంగానే ఉంది. ఒకపక్క ఫైళ్లు దిగుతున్నాయి, మరోపక్క అవి భద్రంగా ఉన్నాయన్న మాట అచ్చవుతోంది. అక్టోబరు 9 నాటికి, ఉద్దేశపూర్వకంగా జరిగిన సైబర్ దాడికి గురయ్యామని, కొంత డేటా అక్రమంగా బయటివారి చేతికి చిక్కిందని అదే సంస్థ ఒప్పుకుంది. 3.1 కోట్ల మంది వివరాలు తన దగ్గరున్నాయని హ్యాకర్ చెప్పుకున్నాడు. అది వాడి మాట, పూర్తిగా నమ్మక్కర్లేదు. కాని అసలు లెక్కెంతో పాలసీదారుకు ముందుగా ఎవరు చెప్పాలి, హ్యాకరా, మీరా?

ఒక కంపెనీని బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ ప్రకటన రాసిన చేతినే మీలో చాలామంది జీతమిచ్చి పోషిస్తున్నారు. అందుకే చెబుతున్నాను. "విస్తృతమైన నష్టం లేదు" అన్నది మదుపరులకు చెప్పే మాట. పాలసీదారుకు కావలసింది మొత్తం మీద ఎంత పోయిందన్న అంచనా కాదు, తన ఫైలు పోయిందా లేదా అన్న జవాబు. నా ఒక్కడిదే పోయినా నాకది విస్తృతమైన నష్టమే.

అలాంటిదే ఇంకో వాక్యం మీ వకీళ్లకు మహా ఇష్టం: దుర్వినియోగం జరిగినట్టు ఆధారాలు లేవు. సర్వర్‌లోకి ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏది తెరిచారు, ఎంత బయటికి పట్టుకెళ్లారు అన్నది లాగ్‌లు చెబుతాయి. ఆ లాగ్‌లను కనీసం 180 రోజులు ఉంచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. కొత్త నిబంధనలు ఏడాది ఉంచమంటున్నాయి. లాగ్‌లు ఉండి, వాటిని చదివి, ఏమీ కనబడలేదంటే అదొక సమాచారం. లాగ్‌లే లేక కనబడలేదంటే అది చీకట్లో వెతికి దొంగ లేడనడం. ఈ రెంటిలో మీది ఏదో ఎప్పుడైనా చెప్పారా? "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు లాగ్‌లు మా దగ్గరున్నాయి, అంతకుముందువి లేవు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు, మీ మాటకు ఎంత విలువివ్వాలో మేమే తేల్చుకుంటాం.

సూటిగా రాయడం సాధ్యమేనని చూపించిన నోటీసు ఒకటుంది. అదీ లోపాలు లేనిది కాదు. 2021లో ఎయిర్ ఇండియా ప్రయాణికుల సమాచారం పోయింది. పోయింది దాని సొంత సర్వర్ నుంచి కాదు, ప్రయాణికుల వ్యవస్థను నడిపే సీటా అనే సంస్థ నుంచి. ఆ మే నెలలో ప్రయాణికులకు వచ్చిన నోటీసులో లెక్క ఉంది: ప్రపంచవ్యాప్తంగా సుమారు 45 లక్షల మంది. వ్యవధి ఉంది: 2011 ఆగస్టు 26 నుంచి 2021 ఫిబ్రవరి 3 దాకా నమోదైన వివరాలు. ఏవేమి పోయాయో ఉంది: పేరు, పుట్టిన తేదీ, ఫోన్, పాస్‌పోర్టు, టికెట్ వివరాలు, క్రెడిట్ కార్డు వివరాలు. ఏది పోలేదో కూడా ఉంది: కార్డు వెనక ఉండే సీవీవీ ఆ సంస్థ దగ్గర దాచి ఉండదు, పాస్‌వర్డులు పోలేదు. ఏం చేశారో ఉంది: సర్వర్లను భద్రపరిచారు, బయటి నిపుణులను పిలిచారు, కార్డులిచ్చిన బ్యాంకులకు చెప్పారు, తరచూ ప్రయాణించేవారి ఖాతాల పాస్‌వర్డులు మార్చేశారు. చదివినవాడికి తన పరిస్థితి ఏమిటో అయిదు నిమిషాల్లో బోధపడుతుంది. ప్రభుత్వరంగ సంస్థగా ఉన్న రోజుల్లోనే ఎయిర్ ఇండియా ఈ పని చేసింది. మీకేం అడ్డం?

ఇక లోపాలు. సీటా నుంచి మొదటి కబురు ఫిబ్రవరి 25న వచ్చిందని ఆ నోటీసే చెబుతోంది. ఎవరెవరి వివరాలు పోయాయో మార్చి 25న, ఏప్రిల్ 5న తెలిసిందట. వెబ్‌సైట్లో మార్చి 19న ఒక ప్రకటన పెట్టారు. ప్రయాణికుడికి మెయిల్ వచ్చేసరికి మే మూడోవారం. పేర్లు తెలియనిదే ఎవరికి చెబుతామని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు రెండు నోటీసులు. మొదటిది తెలిసిన రోజునే అందరికీ: ఫలానాది జరిగింది, ఎవరివి పోయాయో వెతుకుతున్నాం, ఫలానా తేదీకి మళ్లీ చెబుతాం. రెండోది పేర్లు తేలగానే బాధితులకు: ఇదిగో మీవి పోయినవి. అన్నీ తేలాక ఒకేసారి చెబుదామనుకునే సంస్థ దొంగకు నెలల వ్యవధి దానమిస్తుంది.

ప్రభుత్వానికి చెప్పడంలో మీరు ఆలస్యం చెయ్యరు, చెయ్యలేరు. సంఘటన తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు చెప్పాలన్న ఆదేశం 2022 నుంచీ ఉంది. అంటే ఆరు గంటల్లో రాయగలిగినంత మీకు తెలిసే ఉంటుంది. దాన్ని ఢిల్లీకి రాయగలిగినవారు గుఢియారీకో, భిలాయ్‌కో, శ్రీకాకుళానికో ఎందుకు రాయలేరు?

కొత్త నిబంధన అడిగేవి అయిదు. ఏం జరిగింది, ఎంతమేరకు, ఎప్పుడు అన్నది మొదటిది. దానివల్ల ఆ మనిషికి ఏం కావచ్చన్నది రెండోది. మీరేం చేశారు, చేస్తున్నారు అన్నది మూడోది. ఆ మనిషి తనవంతుగా ఏం చెయ్యాలన్నది నాలుగోది. అడిగితే జవాబు చెప్పే మనిషిని సంప్రదించే వివరాలు అయిదోది. ఇదంతా క్లుప్తంగా, స్పష్టంగా, తేలిక మాటల్లో ఉండాలన్నారు. చెప్పకపోతే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. అయిదింటిలో మీరు చేతులు దులుపుకొనేది నాలుగోదాని దగ్గర అని నా అనుమానం. "పాస్‌వర్డు మార్చుకోండి, అప్రమత్తంగా ఉండండి" అని రాసి సరిపెడతారు. ఎయిర్ ఇండియా నోటీసు కూడా అక్కడే పలచబడింది, అవసరమైనచోట పాస్‌వర్డులు మార్చుకొమ్మంది. పాస్‌పోర్టు నంబరు పోయినవాడు ఏ పాస్‌వర్డు మార్చుకోవాలి? మధుమేహం ఉందన్న రిపోర్టు పోయినవాడు దేన్ని మార్చుకోవాలి?

చెయ్యవలసిన పని పోయిన కాగితాన్నిబట్టి ఉంటుంది. పాన్ పోతే మన పేరున ఎవడైనా అప్పు తీసే ప్రమాదముంది. అలాంటప్పుడు క్రెడిట్ రిపోర్టు తీసి, మనం తీసుకోని అప్పేమైనా అందులో కనబడుతుందేమో చూడాలి. సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. ఇది తెలిసిన పాలసీదారులు ఎంతమంది? గుర్తింపు కార్డు నకలు పోతే దాంతో సిమ్ కార్డులు తీయవచ్చు. మన పేరున ఎన్ని నంబర్లున్నాయో sancharsaathi.gov.in లో చూసుకొని, మనది కానిదాన్ని అక్కడే నమోదు చెయ్యవచ్చు. క్లెయిము కాగితాలు పోతే వచ్చే మోసం వేరే రకం. ఫోన్ చేసినవాడికి మన క్లెయిము నంబరు తెలుసు, ఆసుపత్రి పేరు తెలుసు, డాక్టరు పేరు తెలుసు, బిల్లు ఎంతో తెలుసు. "మిగిలిన 18 వేలు మంజూరైంది, ఓటీపీ చెప్పండి" అంటే ఎవరికి అనుమానం వస్తుంది? అంత వివరంగా చెప్పగలిగేది సంస్థవాళ్లే అనుకుంటాం. అందుకే మీ నోటీసులో ఉండవలసిన అతి ముఖ్యమైన వాక్యం ఇది: మీ క్లెయిము వివరాలు తెలిసినంత మాత్రాన ఫోన్ చేసినవాడు మావాడని నమ్మకండి, పెట్టేసి పాలసీ కార్డు మీదున్న నంబరుకు మీరే చెయ్యండి. మీ చేతులతో మీరీ వాక్యం రాయరు, ఎందుకంటే రాస్తే పోయింది ఏమిటో ఒప్పుకున్నట్టవుతుంది.

ఆధార్ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. నకలు పోయినంత మాత్రాన వేలిముద్ర పోదు. కాని లీకు ఎప్పుడూ ఒంటరిగా పనిచెయ్యదు, ఇంకోచోట పోయినదానితో జత కడుతుంది. 2018 జూన్‌లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లావాడొకడిని పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రల బొమ్మలు దించుకొని, వాటితో రబ్బరు ముద్రలు చేయించి, వాటిని యంత్రం మీద నొక్కి వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. దస్తావేజులో వేలిముద్ర ఉంది, ఆధార్ నంబరూ ఉంది. ఒకచోట నంబరు, ఒకచోట వేలిముద్ర దొరికినా జత కట్టడం కష్టమేం కాదు. అందువల్ల ఆధార్ పోయినవాడికి బయోమెట్రిక్ లాక్ చేసుకొమ్మని చెప్పాలి. ఆధార్ యాప్‌లోగాని, uidai.gov.in లోగాని చేసుకోవచ్చు, ఆధార్‌కు జతైన ఫోన్ చేతిలో ఉండాలి. అక్కడితో ఆగకుండా దాని పర్యవసానం కూడా చెప్పాలి. లాక్ వేశాక వీధి చివర కిరాణా కొట్లో వేలిముద్ర వేసి డబ్బు తీసుకుందామంటే రాదు. రేషన్ దుకాణంలో యంత్రం వేలిముద్రను ఒప్పుకోదు. ముందుగా తాత్కాలికంగా తెరుచుకోవాలి. ఈ ముక్క చెప్పకపోతే మా కాలనీ పెద్దావిడ రేషన్ రాలేదని రెండుసార్లు తిరిగి, మూడోసారి లాక్ తీసేసి, ఇక జన్మలో వెయ్యదు. అప్పుడు మీ సలహా ఏమైనట్టు?

నోటీసు ఎవరికి చేరుతుందన్నది ఇంకో పెద్ద చిక్కు. ఇది మీకు బాగా తెలుసు, కాని ఎప్పుడూ ఒప్పుకోరు. ప్రపోజల్ ఫారం నింపింది ఏజెంటు. ఫోన్ నంబరు గడిలో తన నంబరు, మెయిల్ గడిలో తన మెయిల్ వేసుకున్న ఏజెంట్లు ఊరూరా ఉన్నారు. రెన్యువల్ తప్పిపోకుండా గుర్తుచేద్దామని మంచి ఉద్దేశంతోనే వేసి ఉండవచ్చు. కాని మీరు పంపే లీకు నోటీసు అతని ఫోన్‌కు వెళుతుంది. అతను చదివి ఏం చేస్తాడు? తన వ్యాపారం దెబ్బతినే కబురు ఇంటింటికీ మోస్తాడా? రాయ్‌పూర్ పొలిమేరల్లో ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో పనిచేసేవాళ్లకు కంపెనీ తరఫున గ్రూపు పాలసీలు ఉంటాయి. కాగితాలు టీపీఏ దగ్గర, మాట్లాడేది కంపెనీ హెచ్.ఆర్. కార్మికుడికి మీ సంస్థ పేరు కూడా సరిగా తెలియదు. నోటీసు హెచ్.ఆర్. మెయిల్‌లో పడితే చేరినట్టా? పాలసీ ఒకరి పేరునున్నా అందులో భార్య, పిల్లలు, అత్తమామలు ఉంటారు, నామినీ ఉంటాడు. వారివీ కాగితాలే. ఒక ఇంట్లో అయిదుగురివి పోతే ఒకరి ఫోన్‌కు ఒక ఎస్ఎంఎస్ పంపి అయిదుగురికీ చెప్పామంటారా? పెద్ద వయసువారికి, ఏజెంటు నంబరే ఉన్నవారికి పోస్టులో ఉత్తరం పంపండి. పాలసీ పత్రం పోస్టులో వచ్చినప్పుడు లీకు కబురు ఎందుకు రాదు?

తరవాతది భాష. సమ్మతి అడిగేటప్పుడు ఇంగ్లిషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనాగాని చదువుకునే వీలు కల్పించాలని అదే చట్టం అంటోంది. లీకు నోటీసు దగ్గరికొచ్చేసరికి స్పష్టంగా, తేలిగ్గా ఉండాలన్నారేగాని ఏ భాషలోనో అనలేదు. తీసుకునేటప్పుడు తెలుగులో అడగాలి, పోగొట్టినప్పుడు తెలుగులో చెప్పనక్కర్లేదా? శ్రీకాకుళం, విజయనగరం నుంచి రైల్వేకో, భిలాయ్ ఉక్కు కర్మాగారానికో వచ్చి ఇక్కడే స్థిరపడిన మా పెద్దతరం హిందీ ధారాళంగా మాట్లాడుతుంది. చదవడానికి మాత్రం తెలుగే కావాలి. ఇక ఈ రాష్ట్రపు సొంత భాష ఛత్తీస్‌గఢీ ఎనిమిదో షెడ్యూలులోనే లేదు. ఆ భాష మాత్రమే వచ్చిన ముసలమ్మ సంగతి చట్టం కూడా పట్టించుకోలేదు. కనీసం హిందీలో గొంతు రికార్డు చేసి ఫోన్‌లో వినిపించండి.

తెలుగులో ఎస్ఎంఎస్ పంపడం కష్టమని మీ సాంకేతిక సిబ్బంది చెబుతారు. కష్టమే, ఆ సంగతి నాకూ తెలుసు. ఇంగ్లిషులో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. "ఆసుపత్రి" అని నాలుగక్షరాలు రాస్తే ఎనిమిది పోతాయి. పైగా మూకుమ్మడిగా పంపే ఏ ఎస్ఎంఎస్ అయినా ముందుగా డీఎల్‌టీలో నమూనా రిజిస్టరు చేయించి ఉండాలి. లేకపోతే టెలికాం కంపెనీ ఆపేస్తుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ప్రీమియం గుర్తుచేసే నమూనా, పుట్టినరోజు శుభాకాంక్షల నమూనా మీ అందరికీ రిజిస్టరయి ఉంటాయి. లీకు నోటీసు నమూనా మీలో ఎంతమందికి రిజిస్టరయి ఉంది? దొంగతనం జరిగిన రాత్రి కూర్చొని నమూనా రాసి, అనుమతికి పంపి, తిరస్కరిస్తే మళ్లీ పంపి, అప్పుడు మాకు చెబుతారా? ఇంగ్లిషు, హిందీ, తెలుగు నమూనాలు ఇప్పుడే చేయించి పెట్టుకోడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

ఆ నోటీసులో లింకు పెట్టకండి. ఒకచోట డేటా పోయిందని పేపర్లో పడ్డ మర్నాడే "మీ వివరాలు పోయాయేమో ఇక్కడ నొక్కి చూసుకోండి" అన్న దొంగ మెసేజీలు బయల్దేరతాయి. మీ నోటీసులో లింకుంటే అసలుకూ నకిలీకీ తేడా తెలియదు. లింకు లేకుండా, పాలసీ కార్డు మీదున్న నంబరుకే ఫోన్ చెయ్యమంటే, లింకున్నదల్లా దొంగదేనని మా పెద్దావిడ కూడా గుర్తుపడుతుంది.

ఎలా రాయాలో తెలియదనే సాకు మిగలకుండా ఒక నమూనా ఇస్తున్నాను. పాలసీదారు రైల్వేలో రిటైరై గుఢియారీలో ఉంటున్నాడనుకోండి. మనిషి, తేదీలు ఊహకే. మీ సంస్థ నుంచి అతనికి రావలసిన ఉత్తరం ఇదీ:

"నమస్కారమండి. మీ పాలసీ కాగితాలు కొన్ని మా సర్వర్ నుంచి దొంగిలించారు. ఇది జూన్ 3న జరిగింది, మాకు జూన్ 9న తెలిసింది. పోయినవి: మీ ఆధార్ నకలు, మీ భార్య ఆధార్ నకలు, మీ ఫోన్ నంబరు, చిరునామా, 2023లో మీ కంటి ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ, బిల్లు. పోనివి: మీ కార్డు వివరాలు, ఎందుకంటే వాటిని మేం దాచుకోం. మీ బ్యాంకు ఖాతా నంబరు పోయిందో లేదో ఇంకా తేలలేదు, జూన్ 20లోపు ఉత్తరం రాస్తాం. దొంగ వచ్చిన దారి మూసేశాం, ఆ సర్వర్‌ను విడదీశాం, సెర్ట్-ఇన్‌కు, సైబర్ పోలీసులకు జూన్ 9నే చెప్పాం. ఇప్పుడు మీరు చెయ్యవలసినవి: మీ ఇద్దరి ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. రేషన్‌కు వెళ్లేముందు తాత్కాలికంగా తెరవాలి. మీ ఆపరేషన్ సంగతి తెలుసంటూ ఎవరు ఫోన్ చేసినా పెట్టేసి, పాలసీ కార్డు మీదున్న నంబరుకు చెయ్యండి. మేం ఓటీపీ అడగం, డబ్బు కట్టమనం, లింకు పంపం. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. తెలుగులో మాట్లాడే మా అధికారి పేరు, నంబరు కింద ఉన్నాయి."

ఇందులో క్షమాపణ లేదని మీ ప్రచార విభాగం గమనిస్తుంది. పెట్టుకోవాలనుంటే చివర పెట్టుకోండి, కాదనను. కాని మొదటి మూడు పంక్తులు "మీ గోప్యత మాకు అత్యంత ముఖ్యం" అన్నదానికి కేటాయించకండి. ఫోన్ తెర మీద కనబడేవి ఆ మూడు పంక్తులే. మా పక్కింటాయనకు ఒకచోటి నుంచి అలాంటి మెయిల్ వచ్చింది. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. గోప్యత, నిబద్ధత, ప్రపంచస్థాయి భద్రత అని రెండు పేరాలు నడిచాక, మూడో పేరా మధ్యలో "కొందరు ఖాతాదారుల కొంత సమాచారం" అన్న ముక్క ఉంది. ఆయన మొదటి పేరాతోనే అదేదో ప్రకటన అనుకొని వదిలేశాడు. ఆ ఉత్తరం రాసినవారు కోరుకున్నది కూడా అదేనేమో.

సర్కారీ సంస్థలు మాత్రం మేలా అని మీరు అడగవచ్చు. కాదు. 2024 మే నెలాఖరులో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారం హ్యాకర్ల ఫోరంలో అమ్మకానికి వచ్చింది. ఆపదలో మీట నొక్కిన మహిళల వివరాలు, ఫిర్యాదులు అందులో ఉన్నాయన్నారు. జూన్‌లో నిందితుడిని పట్టుకున్నారు, అందుకు పోలీసులను మెచ్చుకోవాలి. కాని దొంగ దొరకడం వేరు, మీట నొక్కిన ఆడపిల్లకు తన చిరునామా బయటికి పోయిందని చెప్పడం వేరు. మొదటిది జరిగితే రెండోది అక్కర్లేదని పోలీసులకు అనిపించవచ్చు. మీకు అనిపించడానికి వీల్లేదు. మా దగ్గర ప్రీమియం తీసుకునేది మీరు.

నేను అడిగేది ఎక్కువేమీ లేదు. 2027 మే దాకా ఆగకండి. ఈ మూడు నెలల్లో లీకు నోటీసు నమూనాలు మూడు భాషల్లో రాయించి రిజిస్టరు చేయించండి. మీ రికార్డుల్లో ఒకే ఫోన్ నంబరు యాభై పాలసీలకు కనబడితే అది ఏజెంటుదేనని గుర్తుపట్టి, అసలు మనుషుల నంబర్లు తెప్పించండి. టీపీఏతో ఒప్పందంలో, లీకైతే మీకు ఎన్ని గంటల్లో చెప్పాలో అంకె వేసి రాయించుకోండి. ఈ మూడూ చేసిన రోజున ఆ సంగతి బహిరంగంగా ప్రకటించండి. చెయ్యని సంస్థ ఏదో మాకు అలా తెలుస్తుంది. రెన్యువల్ వచ్చినప్పుడు మేం ఆ జాబితా చూసుకొనే సంతకం పెడతాం.

ఇట్లు,
రాయ్‌పూర్ నుంచి ఒక పాలసీదారు

ప్రతి: భారత డేటా రక్షణ బోర్డు. సమ్మతి అడిగే కాగితానికి పెట్టిన భాషా నియమాన్ని లీకు నోటీసుకు కూడా వర్తింపజేసేలా కేంద్రానికి సిఫారసు చెయ్యవలసిందిగా మనవి.